పరీక్ష గదిలో గుండెదడ: గాలి పీల్చడం కన్నా వదలడం ముఖ్యం

[తెరపై: పరీక్ష గది. గోడ గడియారంలో 9:20.]

పదో తరగతి గణితం పరీక్ష ఉదయం 9:30 గంటలకు మొదలవుతుందనుకుందాం. తన బల్ల దగ్గర కూర్చున్న ఒక విద్యార్థినికి గుండె వేగంగా కొట్టుకుంటోంది, అరచేతులు చెమరుస్తున్నాయి. భయం వేస్తే గట్టిగా ఊపిరి పీల్చుకోమని ఇంట్లో చెప్పిన మాట గుర్తుకు వచ్చి, ఆమె నోటితో వెంటవెంటనే పెద్దగా గాలి పీల్చసాగింది. కాసేపటికి తల తిరిగింది, వేళ్ల చివర్లలోనూ పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది.

ఇది ఆక్సిజన్ చాలకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. అవసరానికి మించి గాలి పీల్చి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఉండవలసిన దానికన్నా తగ్గిపోతుంది, దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. ఆ స్థితిలో ఇంకా గట్టిగా పీలిస్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

[తెరపై: గాలి పీల్చేటప్పుడు, వదిలేటప్పుడు మారే గుండె లయ.]

మనం గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం వల్ల నెమ్మదిస్తుంది. అందుకే వదిలే సమయాన్ని పొడిగించాలి.

ఆమె ఇప్పుడు నోరు మూసి, వీపును కుర్చీకి ఆనించి, ఒక అరచేతిని పొట్టపై ఉంచుతుంది. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో మామూలుగానే గాలి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదులుతుంది. ఒక్కో అంకె ఒక్కో సెకను అనుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. మధ్యలో ఊపిరి బిగబట్టనక్కరలేదు. పొట్టపై ఉన్న చేయి పైకి లేచి దిగుతుంటే, ఊపిరితిత్తుల కింద ఉండే కండరమైన ఉదరవితానం సరిగా పనిచేస్తున్నట్టు. భుజాలు ఎగురుతుంటే గాలిని బలవంతంగా లాగుతున్నట్టు. ఆయాసంగా అనిపిస్తే మూడు, ఐదు చొప్పున లెక్కించవచ్చు.

[తెరపై: బల్ల కింద బిగిసిన పిడికిలి, ఆపై సడలిన వేళ్లు.]

భయంలో తెలియకుండానే బిగుసుకున్న చేతులను వదులు చేయడానికి, పిడికిలిని ఐదు సెకన్లు బిగించి, గాలి వదులుతూ ఒక్కసారిగా సడలించాలి. పెన్ను పట్టుకునే చేతికి ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

అయితే పరీక్ష రోజునే మొదటిసారి ప్రయత్నిస్తే, అంకెలు లెక్కపెట్టడం మీదే ధ్యాస నిలిచి కంగారు పెరగవచ్చు. అందుకే కొన్ని వారాల ముందు నుంచి రోజూ ఐదు నిమిషాలు, పాత ప్రశ్నపత్రం రాయడానికి కూర్చునే ముందు సాధన చేయడం మేలని నా అభిప్రాయం. అప్పుడు శరీరం ఈ లయను ప్రశ్నపత్రంతో కలిపి నేర్చుకుంటుంది.

ఉబ్బసం ఉన్నవారు తమ ఇన్‌హేలర్‌ను మానకూడదు, ఈ సాధన దానికి బదులు కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా, శ్వాస సాధనతో సరిపెట్టుకోకుండా వెంటనే ఇంట్లోవారికి చెప్పాలి. మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ఉచిత టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.