లష్కర్ కర్ర చెప్పిన లెక్క
(నల్లగొండలో జులై 11న, తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవ సభలో పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పిల్లలకు నమస్కారం. నిజాంసాగర్ కట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నేను మళ్లీ చెప్పను. ఆయన పుట్టినరోజున నీళ్ల గురించే మాట్లాడతాను, కానీ ఆనకట్ట గురించి కాదు. నాలుగు రెసిస్టర్ల గురించి.

ఈ బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి అరచేయంత సర్క్యూట్ బోర్డు. రెండోది ఈ వెదురు కర్ర. దీని మీద గాట్లు చూడండి, ఐదు సెంటీమీటర్లకు ఒకటి. పదికి ఒక గాటు లోతుగా ఉంది, అందులో ఎర్ర రంగు నింపి ఉంది. ఇది మిర్యాలగూడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద గేట్లు ఎత్తి దించే పని చేసిన ఒక లష్కర్ది. ఆయన పోయాక ఆయన కొడుకు నాకిచ్చాడు.

ఒక డిస్ట్రిబ్యూటరీ తూము గేటు ఎంత తెరుచుకుందో చూపడానికి అప్పట్లో మేము మీటరు పెట్టాం. గేటు షాఫ్టుకు 5 కిలో ఓంల పాట్ బిగించారు. గేటు మూసి ఉంటే సున్నా ఓంలు, 100 సెంటీమీటర్లు తెరిస్తే 5 కిలో ఓంలు. దాంట్లోకి సరిగ్గా 1 మిల్లియాంపు పంపితే 0 నుంచి 5 వోల్టులు వస్తాయి. 5 వోల్టులంటే 100 సెంటీమీటర్లు. ఇంతవరకు తేలికే. చిక్కేమిటంటే ఆ పాట్ ఒక కాలు గేటు ఇనుప ఫ్రేముకే బిగించి ఉంది. అంటే నేలకు. పైకి వచ్చేది ఒక్క తీగ.

మీరు ల్యాబులో చేసే కరెంటు సోర్సులో లోడును ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కూ మైనస్ పిన్నుకూ మధ్య పెడతారు కదా? అక్కడ లోడు రెండు కాళ్లూ మన చేతిలో ఉంటాయి. ఇక్కడ ఒక కాలు భూమిలో ఉంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ దారిలో పెట్టలేం. అలాంటి చోటికే 1960ల మొదట్లో ఎం.ఐ.టి.లో పనిచేసిన బ్రాడ్‌ఫర్డ్ హౌలాండ్ ఒక సర్క్యూట్ ఇచ్చారు. ఒక ఆప్-ఆంప్, నాలుగు రెసిస్టర్లు, అంతే.

ఇలా ఊహించుకోండి. మైనస్ పిన్ను నుంచి నేలకు R1. అవుట్‌పుట్ నుంచి మైనస్ పిన్నుకు R2. పది వోల్టుల రెఫరెన్స్ నుంచి ప్లస్ పిన్నుకు R3. అవుట్‌పుట్ నుంచి అదే ప్లస్ పిన్నుకు R4. ఆ ప్లస్ పిన్ను నుంచి నేలకు మన లోడు. నాలుగూ 10 కిలో ఓంలు.

ఇప్పుడు లోడు మీద వోల్టేజీ లేదనుకోండి. R3 లోంచి 10 వోల్టులు, 10 కిలో ఓంలు, 1 మిల్లియాంపు. లోడు మీద 5 వోల్టులు నిలిచాయనుకోండి. R3 కి మిగిలింది 5 వోల్టులే, కాబట్టి అది ఇచ్చేది అర మిల్లియాంపు. అర తక్కువ పడింది. R1, R2 సమానం కనుక ఆప్-ఆంప్ తన అవుట్‌పుట్‌ను లోడు వోల్టేజీకి రెట్టింపు, 10 వోల్టులకు తెస్తుంది. R4 రెండు కొనల మధ్య 5 వోల్టులు. మిగతా అర మిల్లియాంపు అటునుంచి వస్తుంది. R3 ఎంత తగ్గిస్తే R4 అంత పూడుస్తుంది. ఈ సర్క్యూట్ ప్రాణమంతా ఆ పూడ్చడంలోనే ఉంది. పూడ్చేది సరిగ్గా అంతే ఉండాలంటే R2 కి R1 తో ఉన్న నిష్పత్తి, R4 కి R3 తో ఉన్న నిష్పత్తి ఒక్కటే కావాలి. ఒక్క సూత్రం రాస్తాను, రాసుకోండి:

```
I = Vin/R3 − (VL/R3) × (1 − (R2×R3)/(R1×R4))
```

చివరి బ్రాకెట్టు సున్నా అయితే లోడు ఎంతున్నా కరెంటు మారదు. సున్నా కాకపోతే మారుతుంది. 1 శాతం రెసిస్టర్లు నాలుగూ తలోవైపు తప్పితే ఆ బ్రాకెట్టు 4 శాతం దాకా పోతుంది. నాలుగు తప్పులూ కలుస్తాయి, అది మరిచిపోకండి.

సరే, మా గేటు కథకు వస్తాను. బోర్డు వచ్చింది. షాపులో పరీక్షించారు. ఎలా? మల్టీమీటరును లోడు తీగకూ నేలకూ మధ్య పెట్టి చూశారు. 1.00 మిల్లియాంపు. స్లిప్పు మీద ‘ఓకే’ రాశారు. గేటు దగ్గర బిగించి పూర్తిగా తెరిస్తే మీటరు 91 చూపింది. వెంటనే నేను డిస్‌ప్లే బోర్డు మీది స్పాన్ పాట్ తిప్పాను. 100 చూపింది. సున్నా దగ్గర సున్నా, వంద దగ్గర వంద. సంతకం చేసి వచ్చేశాను.

నెల తర్వాత పోతే లష్కర్ ఈ కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. “సారూ, మీ మిషన్ల యాభై రెండున్నర అంటది. నా కర్రకు యాభయ్యే ఉన్నది. కింద రైతులు నీళ్లు తక్కువొస్తున్నయంటున్నరు. నా రిజిస్టర్ల యాభయ్యే రాసిన.” ఆయన రిజిస్టరుకూ మిషన్ కాగితానికీ తేడా ఉందని కార్యాలయం నుంచి ఆయనకు అప్పటికే మెమో వచ్చింది. మిషన్ తప్పు చెప్పదు కాబట్టి మనిషే తప్పు రాశాడని అందులో ఉంది.

పిల్లలూ, ఈ ఒక్క మాట చెప్పడానికే నేనివాళ వచ్చాను. ఆ మనిషి రాసింది నిజం. నా సంతకం ఉన్న మీటరు చెప్పింది తప్పు. ఆ మెమో ఆయన సర్వీసు పుస్తకంలో అలాగే ఉండిపోయింది. నేను రాతపూర్వకంగా ఇచ్చాను, అడిగాను, తిరిగాను, తీయలేదు. ఇంతమంది ముందు చెబుతున్నాను: ఆయన లెక్క సరైనది.

ఎందుకు సరైనదో చూడండి. బోర్డు విప్పి నాలుగు రెసిస్టర్లూ కొలిచాను. R1 10.5, R2 9.5, R3 సరిగ్గా 10.0, R4 11.3 కిలో ఓంలు. కార్బన్ రెసిస్టర్లవి. R4 వేడెక్కే రెగ్యులేటర్ పక్కనే ఉంది, అది తన 5 శాతం హద్దు కూడా దాటిపోయింది. 9.5 ని 10 తో హెచ్చించండి, 95. 10.5 ని 11.3 తో హెచ్చిస్తే దాదాపు 118.7. భాగిస్తే 0.80. బ్రాకెట్టులో 20 శాతం మిగిలింది. R3 ని దాంతో భాగిస్తే 50 కిలో ఓంలు. అంటే మన కరెంటు సోర్సుకు పక్కన ఒక 50 కిలో ఓంల చిల్లు పడినట్టు. లోడుకు పోవాల్సిన కరెంటు కొంత అందులోంచి కారిపోతుంది.

షాపులో ఎందుకు కనబడలేదు? మీటరు పెట్టి నేలకు కలిపితే లోడు వోల్టేజీ దాదాపు సున్నా. వోల్టేజీ లేనప్పుడు చిల్లులోంచి కారేది ఏమీ ఉండదు. R3 ఒక్కటి బాగుంటే 1.00 వచ్చి తీరుతుంది. గేటు పూర్తిగా తెరిస్తే 50 ని 55 తో భాగించాలి, 0.909 మిల్లియాంపు. అదే ఆ 91. సగం తెరిస్తే 50 ని 52.5 తో భాగిస్తే 0.952, అంటే 47.6 సెంటీమీటర్లు. నేను స్పాన్ తిప్పి 91 ని 100 చేసినప్పుడు ఆ 47.6 కాస్తా 52.4 అయింది. రెండు కొనలూ సరిచేశాను, మధ్య అంతా ఉబ్బిపోయింది. లష్కర్ కర్ర చెప్పింది సరిగ్గా అదే.

కాబట్టి ఇలాంటి సోర్సును నేలకు కలిపి ఒక్కసారి కొలిచి వదిలేయకండి. మీటరును తీగతో వరుసలో ఉంచేయండి. ముందు నేలకు కలిపి కరెంటు రాసుకోండి. తర్వాత మధ్యలో 5 కిలో ఓంలు పెట్టి మళ్లీ చూడండి. రెండూ ఒక్కటైతేనే అది కరెంటు సోర్సు. లోడు పెట్టాక తగ్గితే R4 కాస్త తగ్గించాలి. పెరిగితే R4 పెంచాలి. పెరగడం మంచిదనుకోకండి. పూడ్చడం ఎక్కువైందని అర్థం, అది ముదిరితే ఆప్-ఆంప్ ఒక కొనకు పోయి కూర్చుంటుంది.

మేము 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేశాం, R4 లో చిన్న ట్రిమ్‌పాట్ పెట్టాం, రెండు కొలతలూ 1.00 వచ్చేదాకా తిప్పాం. లష్కర్ కర్రతో, నేను మీటరుతో, పదేసి సెంటీమీటర్లకు గేటు ఆపుకుంటూ చూశాం. కలిసింది. ఆయన ప్రతి గాటు దగ్గరా తడి కర్రను బొటనవేలితో తుడిచి, వంగి చూసి, అప్పుడు చెప్పేవాడు.

అక్కడితో అయిపోలేదు. శ్రావణంలో ముసురు పట్టింది. మా సప్లై సోలార్ పలక మీద రెండు 12 వోల్టుల బ్యాటరీలు, ప్లస్ 12, మైనస్ 12. నాలుగు రోజులు ఎండ లేక అవి 11 కి దిగాయి. రెఫరెన్స్ మాత్రం 10 వోల్టుల దగ్గరే నిలిచింది. గేటు పూర్తిగా తెరిస్తే మీటరు 95 దగ్గర ఆగింది. మళ్లీ రెసిస్టర్లే అనుకున్నాను. లష్కరే అన్నాడు: “తొంభై దాంక మంచిగనే ఉన్నది సారూ. ఆపైన్నే తప్పుతున్నది.”

ఆ మాటే రోగం పేరు చెప్పింది. రెసిస్టర్లు కలవకపోతే తప్పు కింది నుంచే మెల్లగా మొదలై వంపు తిరుగుతుంది. ఇది 90 దాకా గీత గీసినట్టుంది, ఆపైన విరిగింది. అది స్వింగ్ సంగతి. అవుట్‌పుట్ లోడుకు రెట్టింపు ఉండాలన్నాను కదా, 5 వోల్టులకు 10 కావాలి. మేము వాడిన పాతకాలం ఆప్-ఆంప్ సప్లైకి రెండు వోల్టులు తక్కువ దాకానే పోతుంది. 11 సప్లైకి 9. అందులో సగం 4.5, అంటే 90 సెంటీమీటర్లు. ఆపైన ఆప్-ఆంప్ 9 దగ్గరే నిలిచిపోయి R4 ఉత్త రెసిస్టరుగా మిగులుతుంది. 10 వోల్టులూ 9 వోల్టులూ రెండువైపుల నుంచి లోడును తోస్తాయి. 5 కిలో ఓంలకు వచ్చేది 4.75. అదే 95.

దీనికి కొత్త ఆప్-ఆంప్ అక్కర్లేదు. R1, R3 పదే ఉంచి R2, R4 ఐదు చేశాం. నిష్పత్తులు రెండూ సగమే కనుక కరెంటు 1 మిల్లియాంపే. కానీ అవుట్‌పుట్ ఇప్పుడు లోడుకు ఒకటిన్నర రెట్లే, 7.5 వోల్టులు. 11 సప్లైలో హాయిగా ఇముడుతుంది. R2 కి రెండు 10 కిలో ఓంల రెసిస్టర్లు పక్కపక్కన కలిపాం, R4 కి 4.7 కిలో ఓంలు, దానికి వరుసలో 500 ఓంల ట్రిమ్‌పాట్.

మరి 5 ఎందుకు, 1 కిలో ఓం పెడితే ఇంకా తక్కువ స్వింగ్ చాలు కదా అని అడగండి. ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. 1.1 రెట్లు చాలు, నిజమే. కానీ ఆప్-ఆంప్ ఆఫ్‌సెట్ R4 మీద పడుతుంది. 6 మిల్లివోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే 1 కిలో ఓం దగ్గర 6.6 మైక్రోయాంపుల తప్పు, మన వందలో 0.66 సెంటీమీటరు. 5 కిలో ఓంల దగ్గర 1.8 మైక్రోయాంపులే. స్వింగ్ కోసం R4 తగ్గించినకొద్దీ ఆఫ్‌సెట్ తెచ్చే తప్పు పెరుగుతుంది. అందుకే మధ్యలో ఆగాం.

ఇంకొకటి. రెఫరెన్స్ పది వోల్టులను రెండు రెసిస్టర్లతో విభజించి నేరుగా R3 కి ఇవ్వకండి. ఆ విభాగం లోపలి నిరోధం కూడా R3 లో కలుస్తుంది. 50 ఓంలు కలిసినా నిష్పత్తి అర శాతం పోయినట్టే, 0.1 శాతం రెసిస్టర్లు కొన్న డబ్బంతా నీళ్లపాలు. మధ్యలో ఒక బఫర్ పెట్టండి.

ఈ బల్ల మీదిది ఆ పాత బోర్డే. ఆ నాలుగు కార్బన్ రెసిస్టర్లూ తిరిగి పెట్టించాను. పక్కన 5 కిలో ఓంల పాట్ ఉంది, దాని చక్రం మీద సెంటీమీటర్లు రాశాను. ముందు వరుసలో ఉన్న అమ్మాయి, నువ్వు మీటరు తీసుకుని రా అమ్మా. ఎర్ర తీగ ఇక్కడ పెట్టు, ముందు నేలకు కలుపు. ఎంత వచ్చిందో గట్టిగా చదువు. తర్వాత ఈ పాట్‌ను యాభై దగ్గర ఉంచి మళ్లీ చదువు.