ఫిర్యాదుకు చోటు, దూషణకు హద్దు: వ్యాపార పేజీలకు నియమావళి

సభకు నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది చిన్న, మధ్యతరహా వ్యాపారాల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను రోజూ చూసుకుంటున్నవారే. అందుచేత పేజీకి ఫాలోయర్లను ఎలా పెంచుకోవాలన్న సంగతి పక్కన పెట్టి, అక్కడికి వచ్చిన కొనుగోలుదారు భయం లేకుండా మాట్లాడాలంటే మనం ఏ నియమాలు రాసుకోవాలి, ఏ వ్యాఖ్యను తీసివేయాలి, దేన్ని తీసివేయకూడదు అన్న విషయమే మాట్లాడతాను.

ముందుగా ఒక తీర్పు గురించి చెప్పాలి. ఆస్ట్రేలియాలో కొన్ని వార్తాసంస్థలు తమ ఫేస్‌బుక్ పేజీల్లో డిలన్ వొలర్ అనే యువకుడికి సంబంధించిన వార్తలు పెట్టగా, వాటి కింద పాఠకులు రాసిన వ్యాఖ్యలు తన పరువు తీసేలా ఉన్నాయని ఆయన కోర్టుకు వెళ్లారు. పేజీ తెరిచి, వార్త పెట్టి, వ్యాఖ్యలకు అవకాశం ఇచ్చినందువల్ల ఆ సంస్థలు కూడా ఆ వ్యాఖ్యలకు ప్రచురణకర్తలే అవుతాయని 2021 సెప్టెంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులకు శిరోధార్యం కాదు. అయినా ‘ఎవరో రాశారు, మాకేమిటి’ అని పేజీ యజమాని చేతులు దులుపుకోవడం ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్నను అది గట్టిగానే ముందుకు తెచ్చింది.

ఇక నియమాల దగ్గరికి వద్దాం. మన పేజీల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: ‘దయచేసి మర్యాదగా మాట్లాడండి, అనుచిత వ్యాఖ్యలు తొలగించబడును.’ ఈ వాక్యంతో ఎవరూ ఏ పనీ చేయలేరు. ఏది అనుచితమో రాసేవారికి తెలియదు, పగటి షిఫ్టులో ఉన్న ఉద్యోగి తీసేసిన వ్యాఖ్యను రాత్రి షిఫ్టులో ఉన్నవారు ఉంచేస్తారు, చివరికి సంస్థకు నచ్చనిదంతా అనుచితమైపోతుంది. నియమం అన్నది వేలుపెట్టి చూపించగల పనిని పేర్కొనాలి, ఆ పనికి మనం తీసుకునే చర్యను కూడా దాని పక్కనే చెప్పాలి. ఒక చేనేత చీరల సంస్థకు నేనైతే ఇలా రాసిస్తాను:

‘మా చీరల గురించి, ధరల గురించి, సేవల గురించి మీరు ఎంత కటువుగానైనా రాయవచ్చు, ఆ కారణంతో ఏ వ్యాఖ్యనూ తొలగించము. కులం, మతం, ప్రాంతం, యాస, ఒంటి రంగు, శరీరం, ఆడ-మగ తేడా పేరిట ఎవరినైనా కించపరిస్తే ఆ వ్యాఖ్యను తొలగిస్తాము, బెదిరింపు ఉంటే ఖాతాను కూడా నిషేధిస్తాము. ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఆర్డరు వివరాలు కనిపించే వ్యాఖ్యను ఇతరులకు కనబడకుండా చేసి, రాసినవారికి మెసేజ్ పెడతాము. మా పేరు వాడుకుని డబ్బు గానీ ఓటీపీ గానీ అడిగే ఖాతాలను వెంటనే నిషేధిస్తాము. మీ వ్యాఖ్యను పొరపాటున తీసివేశామనిపిస్తే పేజీ ఇన్‌బాక్స్‌కు రాయండి. తీసివేసినవారు కాకుండా మరొకరు దాన్ని చూసి రెండు పనిదినాల్లో జవాబిస్తారు.’

ఇందులో మొదటి వాక్యం మొదటే ఉండాలని నేను పట్టుబడతాను. డబ్బు కట్టి చీర అందని మనిషి ‘దొంగలు, మోసగాళ్లు’ అని రాయడం సహజం. ఆ మాట సంస్థ మీద వచ్చిన ఆరోపణ. దానికి జవాబు చెప్పాలే గాని చెరిపేయకూడదు. అదే మనిషి కౌంటర్లో పనిచేసే అమ్మాయి కులాన్ని ఎత్తి తిడితే, అది ఫిర్యాదు గీత దాటినట్టే. ఒకే వ్యాఖ్యలో ఫిర్యాదూ దూషణా కలిసి వచ్చినప్పుడు వ్యాఖ్యను తీసివేసి, ‘మీ ఫిర్యాదును నమోదు చేసుకున్నాము, దూషణ ఉన్నందువల్ల వ్యాఖ్యను తొలగించాము, ఆ మాటలు లేకుండా మళ్లీ రాస్తే అలాగే ఉంచుతాము’ అని ఆ మనిషికి మెసేజ్ పంపాలి.

యాస గురించి ప్రత్యేకంగా ఒక మాట. ‘నువ్వు’ అని రాసిన ప్రతి వ్యాఖ్యా అమర్యాద కాదు. తెలంగాణ పల్లెల్లో పెద్దవారిని కూడా చనువుగా నువ్వు అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మీరు అని రాయలేదని ఒకరిని మందలించడం, ఉత్తరాంధ్ర యాసలో రాసినవారిని వెక్కిరిస్తున్న వ్యాఖ్యను మాత్రం సరదా అని వదిలేయడం, రెండూ తప్పే. పేజీ చూసే బృందంలో అందరూ ఒకే జిల్లావారైతే ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. దసరా ముందు ఆ చీరల సంస్థ తగ్గింపు ధరల పోస్టు పెట్టిందనుకోండి. సాయంత్రానికి ఎన్నో వ్యాఖ్యలు వచ్చాయి, ఎక్కువ భాగం ‘ధర ఎంత?’ అన్నవే. వాటి మధ్య మూడు ఉన్నాయి. ఒకావిడ, డబ్బు కట్టి పన్నెండు రోజులైనా చీర రాలేదని రాసి, ఆర్డరు నంబరు, ఫోను నంబరు కూడా పెట్టారు. దాని కింద సంస్థ పేరు, సంస్థ లోగో ఉన్న ఒక ఖాతా ‘మేడమ్, రిఫండ్ కోసం ఈ వాట్సాప్ నంబరుకు రండి’ అని జవాబిచ్చింది. మూడో వ్యాఖ్య చీర కట్టుకున్న మోడల్ ఒంటి రంగును వెక్కిరిస్తోంది.

వచ్చిన వరుసలో చూసుకుంటూ పోతే ముందు ధరల ప్రశ్నలకు జవాబులు ఇస్తూ కూర్చుంటాం. ఎవరికి ఎంత త్వరగా నష్టం జరగబోతోంది అన్నదాన్ని బట్టి వరుస నిర్ణయించాలి. ఇక్కడ మొదటి ప్రమాదం ఆ దొంగ ఖాతాది. ఫిర్యాదు చేసిన మనిషి ఆతురతలో ఉంటారు, లోగో చూసి నమ్ముతారు, ఆ నంబరుకు ఫోను చేస్తే ఓటీపీయో, ఫోన్ స్క్రీన్‌ను అవతలివారికి చూపించే యాప్‌ వేసుకోమనో అడుగుతారు. ఇలాంటి ఖాతాను గుర్తుపట్టడం కష్టం కాదు: పేరులో ఒక అక్షరమో చుక్కో అదనంగా ఉంటుంది, ఫాలోయర్లు పెద్దగా ఉండరు, అది పేజీ అయితే ఎప్పుడు మొదలైందో పారదర్శకత వివరాల్లో కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మన పోస్టు కింద మనం ఇచ్చే జవాబు పక్కన ఉండే Author అన్న గుర్తు దానికి ఉండదు. ఈ గుర్తు సంగతి పండగ పోస్టులోనే ఒక వాక్యంగా రాస్తే కొనుగోలుదారులకు ఎంతో మేలు.

ఆ వ్యాఖ్యనూ, ఆ ఖాతా పేజీనీ, లింకునూ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే తొలగించాలి. ముందు తొలగించి తరువాత ఆధారం కోసం వెదికితే ఏమీ దొరకదు. తరువాత ఖాతాను నిషేధించి, మా పేరుతో నటిస్తున్నదని ఫేస్‌బుక్‌కు రిపోర్టు చేయాలి. వెంటనే ఆ కొనుగోలుదారుకు ఫోను చేసి, అది మా ఖాతా కాదని చెప్పాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయమని, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయమని చెప్పాలి. పోయిన డబ్బు మరిన్ని చేతులు మారకముందే ఆపే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఎక్కువ.

రెండోది ఆవిడ ఫిర్యాదే. ఫోను నంబరు కనబడుతున్నంతసేపూ ఇంకో మోసగాడు దాన్ని రాసుకోగలడు, అందుకని ఆ వ్యాఖ్యను హైడ్ చేయాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఫేస్‌బుక్‌లో హైడ్ చేసిన వ్యాఖ్య రాసినవారికీ వారి స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది, మిగతావారికి కనబడదు. తన వ్యాఖ్య అందరూ చూస్తున్నారనుకుని ఆవిడ ఎదురుచూస్తారు, రెండు రోజుల తరువాత వేరెవరో చెబితే ఫిర్యాదును దాచేశారని తెలుసుకుంటారు. అప్పుడు మన మాటను ఎవరూ నమ్మరు. అందుచేత హైడ్ చేసిన వెంటనే ‘మీ నంబరు అందరికీ కనిపిస్తోంది, మీ భద్రత కోసం దాచాము, నంబరు తీసేసి మళ్లీ పెట్టండి, అక్కడే జవాబిస్తాము’ అని రాయాలి. ఆవిడ మళ్లీ పెట్టినప్పుడు చీర ఎక్కడ ఆగిందో, ఎప్పుడు అందుతుందో అందరి ముందే చెప్పాలి. డిలీట్ చేస్తే కింద ఉన్న జవాబులు కూడా పోతాయి, మన సమాధానంతో సహా.

మూడో వ్యాఖ్యను ఆధారం ఉంచుకుని తొలగించాలి. మౌనంగా తొలగించడం నాకు సమ్మతం కాదు. ఆ పోస్టు కింద ‘రంగును వెక్కిరించే వ్యాఖ్యను మా నియమాల ప్రకారం తొలగించాము’ అని, రాసినవారి పేరు చెప్పకుండా ఒక్క వాక్యం పెడితే, మోడల్‌కీ ఆమెలాంటి రంగు ఉన్న కొనుగోలుదారులకూ ఈ పేజీ ఎవరి పక్షాన ఉందో తెలుస్తుంది. అదే వ్యాఖ్య కులదూషణ అయితే మందలింపుతో ఆగే విషయం కాదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద అది నేరం కావచ్చు. ఆధారం భద్రపరిచి, వ్యాఖ్యను తొలగించి, బాధితులు ఫిర్యాదు చేయదలిస్తే ఆ ఆధారాన్ని వారికి అందించాలి.

ఇక పదాల జల్లెడ. ఫేస్‌బుక్ పేజీ సెట్టింగుల్లో మనం ఇచ్చిన పదాలున్న వ్యాఖ్యలు వాటంతటవే హైడ్ అయ్యే ఏర్పాటు ఉంది, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అలాంటిదే ఉంది. తెలుగుకు ఇది రెండు చోట్ల చిక్కు తెస్తుంది. మన వ్యాఖ్యల్లో చాలా భాగం ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి, ఒకే తిట్టును నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. పైగా మన మాటకు రా, లు, గాడు వంటివి వెనుక అతుక్కుంటాయి కనుక విడిమాట ఇస్తే అతుక్కున్న మాట తప్పించుకోవచ్చు. అందుకే పేజీతో సంబంధం లేని ఒక ఖాతా నుంచి ప్రతి రూపాన్నీ రాసి చూసి, పట్టుబడుతోందో లేదో పరీక్షించాలి. తిట్ల కంటే ముందు నేను వాట్సాప్, టెలిగ్రామ్ లింకుల మొదటి భాగాలనూ, మోసగాళ్ల వాడుక మాటలనూ జల్లెడలో వేస్తాను:

```
wa.me/
t.me/
refund department
customer care number
```

మోసం, దొంగ, నకిలీ, mosam, donga, fake అన్న మాటలను మాత్రం అందులో ఎప్పుడూ వేయకూడదు. కొనుగోలుదారు ఫిర్యాదు చేసేటప్పుడు వాడే మాటలే అవి. వాటిని ఆపితే పేజీ ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ చినిగిన అంచుతో వెళ్లిన చీరల సంగతి సంస్థకు అందదు.

జల్లెడ చెడిందో లేదో తెలుసుకోవడానికి వారానికి ఒకసారి, హైడ్ అయిన వ్యాఖ్యలన్నిటినీ ఇద్దరు కూర్చుని చదవాలి. వాటిలో నిజమైన ఫిర్యాదులు కనిపిస్తే, ఏ మాట వల్ల అవి ఆగాయో చూసి ఆ మాటను తీసేయాలి. మనుషులు తీసుకున్న చర్యలకు ఒక షీటు పెట్టుకుని తేదీ, వ్యాఖ్య లింకు, ఏ నియమం కింద, ఏ చర్య, ఎవరు తీసుకున్నారు అన్న అయిదు గడులు నింపితే చాలు. ఏ నియమం కింద అన్న గడిని నింపలేకపోతే ఆ వ్యాఖ్యను వెనక్కి పెట్టాలి. ఒకేరకం వ్యాఖ్యకు ఇద్దరు ఉద్యోగులు వేర్వేరు చర్యలు తీసుకున్నట్టు కనిపిస్తే, ఉద్యోగులను అనే ముందు నియమంలోని వాక్యాన్ని సరిచేసి, మార్చిన తేదీ వేసి, పేజీ పైన పిన్ చేసిన పోస్టులో మళ్లీ ప్రకటించాలి.