స్నేహంగా రాసిన సందేశాన్ని తెలుగు చేసేటప్పుడు: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క సందేశాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చే పనిని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. తెనాలికి చెందిన ఒక పెద్దావిడ, కోడలి పురుడు కోసం ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్ళి, కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉండి తిరిగి వచ్చారు. అక్కడ పక్కింట్లో ఉండే ఆంగ్ల వనితకూ ఆమెకూ మంచి స్నేహం కుదిరింది. ఇద్దరికీ అరవై దాటాయి. ఒకరి భాష మరొకరికి రాదు. ఆ పక్కింటావిడ రాసిన సందేశాన్ని తెలుగు చేయమని కొడుకు నాకు పంపాడు.

ముందుగా అందులోని వాక్యాలను ఏ హంగూ లేకుండా చెబుతాను. మీరు వెళ్ళాక పక్కింటి నుంచి ఏ వాసనా రావడం లేదు, ఇది విషాదం. మీ అబ్బాయి వంట మొదలుపెట్టాడు, అగ్నిమాపక దళానికి తెలియజేశాను. మీ పచ్చడి నన్ను దాదాపు చంపేసింది, సీసా పూర్తి చేశాను. ఆ తరువాత పప్పు మీద ఒక శ్లేష. మీరు లేని లోటు తెలుస్తోంది, మా కెటిల్ ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుంది. చివర ప్రేమ, ముద్దులు.

అనువాదం మొదలుపెట్టే ముందు నేను ప్రతి వాక్యం పక్కన ఒక చిన్న ప్రశ్న రాసుకుంటాను: ఇక్కడ ఎవరిని చూసి నవ్వుతున్నారు? పచ్చడి వాక్యంలో ఆవిడ తనను చూసి తానే నవ్వుకుంటున్నారు. వంట వాక్యంలో కొడుకును ఆట పట్టిస్తున్నారు. తల్లిని చూసి నవ్వే వాక్యం ఒక్కటి కూడా లేదు. తెలుగులో పొరపాటున కూడా అలాంటిది తయారు కాకూడదు.

ఆ ప్రమాదం మొదటి వాక్యంలోనే పొంచి ఉంది. పరాయి దేశంలో తాలింపు వేసేటప్పుడు పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని కిటికీలు మూసుకున్న ఇల్లాలికి, ‘మీరు వెళ్ళాక వాసన రావడం లేదు’ అన్న మాట ‘పీడ విరగడైంది’ అన్నట్టు వినపడవచ్చు. ఇంగ్లీషులో ‘విషాదం’ అనే మాట ఆ అనుమానాన్ని తీరుస్తోంది కానీ, తెలుగులో విషాదం పత్రికల శీర్షికలలో కనిపించే మాట, హాస్యానికి లొంగదు. అందుకని ‘వాసన’ను వదిలి ‘తాలింపు ఘుమఘుమలు’ అన్నాను. వాసన మంచిదో చెడ్డదో చెప్పదు, ఘుమఘుమ చెబుతుంది. విషాదం బదులు ‘ఇదేం అన్యాయమండీ?’ అని రాశాను. చనువున్నవాళ్ళు నవ్వుతూ నిష్ఠూరమాడేటప్పుడు మన నోట వచ్చే మాట అన్యాయమే.

పచ్చడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇంగ్లీషులో పికిల్ అంటే సరిపోతుంది, కానీ పెట్టిన మనిషికి తాను ఇచ్చింది ఆవకాయో గోంగూరో గుర్తుంటుంది. కొడుకును అడిగితే ఆవకాయ అన్నాడు, కాబట్టి ఆ పేరే రాశాను. తరువాత ‘చంపేసింది’ సంగతి. ‘కారం చంపేసింది’ అని మనమూ అంటాం, నిజమే. అయితే ఈ వయసువాళ్ళు క్షేమసమాచారాలు రాసుకునేటప్పుడు చావు మాట రాకపోవడమే మంచిది. దానికి సరితూగే మాట మన దగ్గర సిద్ధంగా ఉంది: ‘నషాళానికి అంటింది’.

ఇక్కడ అసలు హాస్యం ఆ మాటలో కన్నా, రెండు వాక్యాల మధ్య వదిలిన ఖాళీలో ఉంది. కారం మంట పుట్టించింది అని ఒక వాక్యం, సీసా ఖాళీ అయింది అని మరొక వాక్యం. ఎందుకు ఖాళీ అయిందో ఆవిడ చెప్పలేదు. ‘అయినా ఎంతో రుచిగా ఉండటంతో సీసా అంతా తినేశాను’ అని నేను కలిపి రాస్తే అర్థం పూర్తిగా వస్తుంది, నవ్వు మాత్రం రాదు. కాబట్టి నుడికారాన్ని మార్చాను, ఆ మౌనాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాను. నుడికారం దొరికింది కదా అని సామెతల దాకా వెళ్ళకూడదు. లీడ్స్‌లో ఉండే మనిషి తెలుగు సామెత చెబితే, చదివే తల్లికి ఆ మాట తన స్నేహితురాలిది కాదని వెంటనే తెలిసిపోతుంది.

కొడుకు వంట వాక్యాన్ని మొదట ‘అగ్నిమాపక దళానికి తెలియజేశాను’ అనే రాశాను. దాన్ని చదివించుకున్న కొడుకు, ‘అమ్మ వెంటనే ఫోన్ చేసి ఇల్లు తగలబడిందా అని అడుగుతుంది’ అన్నాడు. పసిబిడ్డ ఉన్న ఇల్లు మరి. ‘కంగారు పడకండి’ అని చేర్చడం సులభమే కానీ, హాస్యానికి హెచ్చరిక తగిలిస్తే అది హాస్యం కాకుండా పోతుంది. అందువల్ల మూడు చిన్న మార్పులు చేశాను. ‘మీ అబ్బాయి’ని ‘మీవాడు’ చేశాను. ఆ మాట వినగానే ఏదో ఆట పట్టించబోతున్నారని తెలిసిపోతుంది. అగ్నిమాపక దళాన్ని ‘ఫైరింజన్ వాళ్ళు’ చేసి, ‘ముందుగానే ఒక మాట చెప్పి ఉంచాను’ అన్నాను. ‘ముందుగానే’ అన్న మాటతో ఇంకా ఏమీ జరగలేదని అర్థమవుతుంది. చివరిగా, ఈ వాక్యాన్ని ఆవకాయ వాక్యానికి కిందకు జరిపాను. అప్పటికే నవ్వుతున్న మనిషి దాన్ని భయంతో చదవదు.

శ్లేషను వదులుకోవలసి వచ్చింది. డిలైట్‌ఫుల్ అనే మాటలో డాల్‌ను ఇరికించి ‘డాలైట్‌ఫుల్’ అని రాశారు. కుండలీకరణాలలో వివరిస్తే పాఠంలా ఉంటుంది. మన పప్పుతో కొత్త శ్లేష కడదామంటే, పప్పు అన్న మాటకు మందమతి అన్న వెక్కిరింత కూడా ఉంది. ఆమె వంట మీది ఇష్టాన్ని మాత్రం పట్టుకుని ‘మీరున్న రోజులు పప్పూ నెయ్యీలా గడిచాయి’ అన్నాను. ఇది మూలంలో లేని పోలిక. ఆ సంగతిని కొడుకు ద్వారా రాసినావిడకు చెప్పి, ఒప్పుకున్నాకే ఉంచాను.

సంబోధనలో నాకు ఒక ఆశ కలిగింది. వట్టి పేరుతో మొదలైన ఆ సందేశాన్ని ‘వదినగారూ’ అని మొదలుపెడితే ఎంత బాగుంటుందో అనిపించింది. కానీ ఆ వరస ఆవిడ కలుపుకున్నది కాదు, నేను కలపకూడదు. పేరుకు ‘గారు’ చేర్చి, సందేశం మొత్తం మీద ‘అండీ’ని రెండుసార్లే వాడాను. అంతకు మించితే బట్టల కొట్టులో గుమాస్తా మాట్లాడినట్టు ఉంటుంది. కెటిల్ పొయ్యి మీద ఉందంటే దించడం మరిచారేమో అనుకుంటారు గనుక టీని ఉంచి కెటిల్‌ను తీసేశాను. ముద్దుల స్థానంలో ‘ఆరోగ్యం జాగ్రత్త’ వచ్చింది.

ఇప్పుడు పేరు మినహా, తెనాలి చేరిన సందేశాన్ని చదువుతాను.

‘గారికి నమస్కారం. మీరు వెళ్ళాక గోడ అవతల నుంచి తాలింపు ఘుమఘుమలు రావడం మానేశాయి. ఇదేం అన్యాయమండీ? మీ ఆవకాయ నషాళానికి అంటింది. సీసా ఖాళీ అయింది. మీవాడు వంట మొదలుపెట్టాడు. ఫైరింజన్ వాళ్ళకు ముందుగానే ఒక మాట చెప్పి ఉంచాను. మీరున్న రోజులు పప్పూ నెయ్యీలా గడిచాయి. ఇప్పుడు మీరు లేక తోచడం లేదు. ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో టీ సిద్ధంగా ఉంటుంది. ఆరోగ్యం జాగ్రత్త. ఉంటానండీ.’