పిలుపుకూ పలుకుకూ మధ్య 20 సెకన్లు

(తిరుపతిలో జరిగిన పరిశ్రమల నిర్వహణ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రేణిగుంట, గాజులమండ్యం, శ్రీసిటీ, చిత్తూరు నుంచి వచ్చిన మీలో చాలామంది రోజూ కంప్రెసర్ గదిలోకి వెళ్లి వచ్చేవారే. కాబట్టి కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో చెప్పి మీ సమయం తీసుకోను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో నేను దాదాపు నెల రోజులు తలపట్టుకున్న ఒక్క సమస్య గురించే మాట్లాడతాను.

అక్కడ స్క్రూ కంప్రెసర్లు నాలుగు. ఒక్కొక్కటి నిమిషానికి 10 ఘనపు మీటర్ల గాలి ఇస్తుంది, అంటే మన వాడుకలో సుమారు 350 సీఎఫ్ఎం. నాలుగింటినీ ఒక సీక్వెన్సర్ నడుపుతుంది. హెడర్‌లో ప్రెషర్ 6.6 బార్‌కు దిగితే తర్వాతి యంత్రాన్ని లోడ్‌లోకి పిలవాలి, 7.2కు చేరితే చివర వచ్చినదాన్ని అన్‌లోడ్ చేయాలి. డ్రమ్ములు నింపే ఫిల్లర్‌కు 6.0 బార్ దగ్గర ఇంటర్‌లాక్ ఉంది. ప్రెషర్ అంతకంటే తగ్గితే ఫిల్లర్ ఆగిపోతుంది. ఆగితే సంచి మూతి దగ్గర స్టెరైల్ స్థితి పోతుంది, మళ్లీ ఆవిరి పట్టి మొదలుపెట్టాలి. బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉండే రోజుల్లో, లోపల ఫిల్లర్ ఆగిందంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మామూలు వాడకం నిమిషానికి 18 ఘనపు మీటర్లు. రెండు యంత్రాలు 20 ఇస్తాయి, సరిపోతుంది. పైపులైను కడిగిన తర్వాత లైను తిరిగి మొదలైనప్పుడు గాలితో నడిచే డయాఫ్రమ్ పంపులు రెండూ, డ్రమ్ముల మీది తడి ఆర్పే బ్లోయింగూ ఒక్కసారిగా అందుకుంటాయి. వాడకం 27కు ఎగబాకుతుంది. మూడో యంత్రం వస్తే 30 అవుతుంది, అంటే లెక్క ప్రకారం ఒక్క యంత్రం పిలిస్తే చాలు. అయినా షిఫ్టుకు ఒకటి రెండుసార్లు ఫిల్లర్ ఆగేది. అదీగాక, ప్రతిసారీ నాలుగో యంత్రం కూడా లేచేది. "సార్, దీన్ని ఎవరు పిలిచారో నాకే తెలియడం లేదు" అని ఆపరేటర్ వాపోయేవారు. ఆయన పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్నారు, గది బయట నిలబడి శబ్దం విని ఏ యంత్రం లోడ్‌లో ఉందో చెప్పగలరు.

కంప్యూటర్‌లో ట్రెండ్ చూస్తే ఏ తప్పూ కనిపించలేదు. కారణం చిన్నదే. అందులో ప్రతి నిమిషానికి సగటు మాత్రమే నమోదవుతోంది. నిమిషంలోపే పడి నిమిషంలోపే లేచే ప్రెషర్‌ను ఆ సగటు మింగేసింది. సెకనుకు ఒకసారి నమోదయ్యేలా మార్చాక కథ బయటపడింది.

ఆ రోజు నేనూ ఆపరేటరూ మూడో యంత్రం ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాం. సీక్వెన్సర్ పిలిచింది. స్టార్‌లో మోటారు మూలుగుతూ లేచింది. ఎనిమిది సెకన్లకు కాంటాక్టర్ టక్కున డెల్టాకు మారింది. అప్పుడైనా గాలి వచ్చిందా అంటే, లేదు. లోడ్ టైమర్ ముగియాలి, ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకోవాలి, ఆయిల్ సెపరేటర్ ట్యాంకులో ప్రెషర్ పెరిగి హెడర్ ప్రెషర్‌ను దాటాలి. అప్పుడే చెక్ వాల్వ్ దాటి గాలి బయటికి వస్తుంది. హెడర్ ముల్లు కిందికి దిగడం ఆగిన క్షణంలో వాచీ నొక్కితే 20 సెకన్లు. అదే యంత్రం అప్పటికే అన్‌లోడ్‌లో తిరుగుతూ ఉంటే 6 సెకన్లే పట్టింది. మీ స్టేషన్‌లో ప్రతి యంత్రానికీ ఈ రెండు అంకెలు వేరుగా ఉంటాయి. తయారీదారు పుస్తకంలో వెతక్కండి, కొలవండి.

ఆ 20 సెకన్లలో ప్రెషర్ ఎంత పడుతుందో ఒక్క వాక్యంలో లెక్కకట్టవచ్చు.

```
dP/dt = (Qs - Qd) × Pa / V
```

Qs వచ్చే గాలి, Qd వాడే గాలి, Pa వాతావరణ పీడనం (దాదాపు 1 బార్), V అంటే రిసీవర్, హెడర్ పైపులు కలిసి పట్టే ఘనపరిమాణం. అక్కడ V 3 ఘనపు మీటర్లు. లోటు నిమిషానికి 7. ఏడును మూడుతో భాగిస్తే నిమిషానికి 2.33 బార్, సెకనుకు దాదాపు 0.039. ఇరవై సెకన్లలో 0.78 బార్. 6.6 దగ్గర పిలిస్తే, పలికేసరికి హెడర్ 5.82 దగ్గర ఉంటుంది. ఫిల్లర్ 6.0 దగ్గరే, అంటే పదిహేనో సెకనులోనే ఆగిపోతుంది. దప్పికైనప్పుడు బావి తవ్వినట్టే ఉంది ఆ ఏర్పాటు.

ఇక నాలుగో యంత్రం సంగతి. సీక్వెన్సర్ ప్రతి 8 సెకన్లకు ఒకసారి హెడర్‌ను చూసి నిర్ణయం తీసుకుంటుంది. మూడోదాన్ని పిలిచిన 8 సెకన్లకు చూస్తే ప్రెషర్ ఇంకా పడుతూనే ఉంది. మూడోది దారిలో ఉందన్న సంగతి దానికి తెలియదు, అందుకే నాలుగోదాన్నీ పిలిచింది. ఇరవయ్యో సెకనుకు మూడోది వచ్చింది, ప్రెషర్ మెల్లగా ఎక్కసాగింది. సమస్య అక్కడికే తీరిపోవాలి. ఇరవై ఎనిమిదో సెకనుకు నాలుగోది కూడా వచ్చింది. ఇప్పుడు 40 వస్తోంది, 27 వాడుతున్నారు. మిగులు 13. సెకనుకు 0.07 బార్ చొప్పున ఎగసి, పదిహేడు పద్దెనిమిది సెకన్లలో 7.2 తాకింది. ఫిల్లర్ ఆగినప్పుడు వాడకం కూడా తగ్గుతుంది కాబట్టి ఇంకా ముందే తాకేది. నాలుగోది వెంటనే అన్‌లోడ్ అయి, ఉస్సుమని సెపరేటర్ గాలి వదిలేసి, ఆపే టైమర్ ముగిసేదాకా పది నిమిషాలు ఊరికే తిరిగేది. అది 55 కిలోవాట్ల మోటారు. అన్‌లోడ్‌లోనూ పూర్తి లోడ్ విద్యుత్తులో నాలుగో వంతుకు పైగా లాగుతుంది. ఇరవై సెకన్ల గాలి కూడా ఇవ్వని యంత్రం కోసం పది నిమిషాల కరెంటు!

ఈలోగా ఎవరో చేసిన మరమ్మతు ఏమిటంటే, సెట్టింగులన్నీ 0.7 బార్ పైకి జరపడం. ఫిల్లర్ ఆగడం మానేసింది, నిజమే. అయితే ఈ ప్రెషర్ల దగ్గర ఒక బార్ పెంచితే కంప్రెసర్ విద్యుత్తు ఆరేడు శాతం పెరుగుతుంది. పైగా లీకులూ, రెగ్యులేటర్ లేని గాలి తుపాకులూ ఆ ప్రెషర్‌కు తగ్గట్టు ఎక్కువ గాలి తాగుతాయి. రోజంతా ఆ భారం మోయడం, షిఫ్టులో రెండుసార్లు వచ్చే 20 సెకన్ల కోసం. నాకు అది సమ్మతం కాలేదు. కొత్త ఏర్పాటు సిద్ధం కాగానే సెట్టింగులను 6.6కే దించాం.

ముందుగా నిర్ణయ నియమాన్ని మార్చాం. ఒక యంత్రాన్ని పిలిచాక 25 సెకన్ల వరకు దాన్ని వచ్చినట్టే లెక్కపెట్టాలి, మరొకదాన్ని పిలవకూడదు. అయితే గుడ్డిగా ఎదురుచూస్తే ప్రమాదం. పిలిచిన యంత్రం ఓవర్‌లోడ్ ట్రిప్‌లో ఉంటే ఎప్పటికీ పలకదు. అందుకే మోటారు కరెంటు లోడ్ స్థాయికి చేరిందన్న సంకేతాన్ని సీక్వెన్సర్‌కు కలిపాం. 25 సెకన్లలోపు ఆ సంకేతం రాకపోతే, లేదా ప్రెషర్ 6.15కు దిగితే, ఆగకుండా తర్వాతిదాన్ని పిలుస్తుంది. ప్రెషర్ పడే వేగాన్ని చూసి ముందే పిలిచే పద్ధతీ ప్రయత్నించాం. ఒక్క సెకను తేడాతో తీసిన వేగంలో వణుకు ఎక్కువ, ఉత్తపుణ్యానికి పిలుస్తుంది. ఐదు సెకన్ల సగటు తీస్తే వణుకు తగ్గింది కానీ ఆ ఐదు సెకన్లూ ఆలస్యానికి తోడయ్యాయి. దాన్ని వదిలేశాం.

అన్‌లోడ్ వైపు తొందర అక్కర్లేదు. ఇన్‌లెట్ వాల్వ్ ఒకటి రెండు సెకన్లలోనే మూసుకుంటుంది, కాబట్టి ప్రెషర్ అటువైపు పెద్దగా దాటదు. కానీ సెపరేటర్ ట్యాంకు ఖాళీ కావడానికి దాదాపు 40 సెకన్లు పడుతుంది, అప్పటిదాకా విద్యుత్తు పూర్తిగా తగ్గదు. ఆలోపే తిరిగి లోడ్ చేస్తే అన్‌లోడ్ చేసిన ప్రయోజనమే ఉండదు.

నియమం మారినా ప్రెషర్ 6.15 కిందికి దిగుతూనే ఉంది కాబట్టి నాలుగో యంత్రం లేస్తూనే ఉంది, ఫిల్లర్ కూడా ఇంకా ఆగుతోంది. 20 సెకన్లు అలాగే ఉన్నాయి కదా. అప్పుడు ఆపరేటరే దారి చూపారు. "సార్, లైను మొదలయ్యే ముందు అర నిమిషం సైరన్ మోగుతుంది కదా, మూడోదాన్ని అప్పుడే లేపితే?" ఆ సైరన్ నుంచి సీక్వెన్సర్‌కు రెండు తీగలు లాగాం. సైరన్ మోగగానే మూడో యంత్రం లేచి అన్‌లోడ్‌లో సిద్ధంగా ఉంటుంది. పిలుపు వచ్చాక 6 సెకన్లే. హెడర్ 6.37 దాకా మాత్రమే దిగింది. ఆ సీజను అలా గట్టెక్కింది.

ఒక్క లోపం మిగిలింది. కొన్నిసార్లు సైరన్ లేకుండానే డయాఫ్రమ్ పంపులు చేత్తో తెరిచేవారు. అందుకని సీజను ముగిశాక డ్రయర్ తర్వాత 5 ఘనపు మీటర్ల రిసీవర్ పెట్టించాం. V 3 నుంచి 8 అయింది. అదే లోటుకు ఇప్పుడు 20 సెకన్లలో పడేది 0.29 బార్ మాత్రమే. ఆగి ఉన్న యంత్రాన్ని పిలిచినా హెడర్ 6.31 దగ్గర నిలుస్తుంది. రిసీవర్‌ను డ్రయర్‌కు ముందు పెట్టవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడ పెడితే లైనుకు కావలసిన గాలి ఒక్కసారిగా డ్రయర్ గుండా దూసుకుపోవాలి. డ్రయర్‌లో, ఫిల్టర్లలో ప్రెషర్ నష్టం ప్రవాహం వర్గంతో పెరుగుతుంది. 18 దగ్గర 0.15 బార్ పోతే 27 దగ్గర 0.34 పోతుంది. సీక్వెన్సర్ చూసే సెన్సర్ కూడా డ్రయర్ తర్వాతే ఉండాలి. అక్కడ అది ముందు నుంచీ సరిగానే ఉంది.

మరుసటి ఏడాది సీజను మధ్యలో ఆపరేటర్ ఫోను చేశారు. "నాలుగోది మళ్లీ లేస్తోంది సార్." ఫిల్లర్ ఆగలేదు, హెడర్ 6.15 దగ్గరికి వెళ్లి వస్తోంది. సెకను లెక్కన ఉన్న రికార్డు తీసి చూస్తే మూడో యంత్రం పలకడానికి 31 సెకన్లు తీసుకుంటోంది. 25 సెకన్లకు సంకేతం రాక సీక్వెన్సర్ నాలుగోదాన్ని పిలుస్తోంది, సరిగ్గా మేం చెప్పినట్టే. లోడ్ సోలినాయిడ్ విప్పితే లోపల జిగురు పట్టి ప్లంజర్ బరువుగా కదులుతోంది. కొత్తది వేశాం. మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకుంటే 19 సెకన్లు వచ్చింది.