గంటకోసారి పది నిమిషాలా, రోజుకు ఒక్క అరగంటా?

(చర్చా కార్యక్రమం నుంచి కొంత భాగం)

యాంకర్: ఒక కళాశాల హాస్టల్లో ఫోన్లన్నీ బీరువాలో పెట్టించి రాత్రి 8:30 నుంచి 9 వరకే ఇస్తామన్నారు. పిల్లలు ఒప్పుకోవడం లేదు. అసలు పెద్దవాళ్లే అన్నం తింటూ ఫోన్ చూస్తుంటే...

లెక్చరర్: పెద్దవాళ్ల సంగతి తర్వాత. ఆ నిబంధనలో తప్పేముంది?

విద్యార్థిని: ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉండాలని మేమూ అనడం లేదు సార్. గంట చదివి పది నిమిషాలు...

లెక్చరర్: ఆ పది నిమిషాలే కొంప ముంచేది! పుస్తకంలో పాఠం అయిపోతుంది, రీల్స్ అయిపోవు. ఆపి లెక్క ముందు కూర్చున్నా మనసు ఇందాకటి మెసేజ్ మీదే ఉంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే దీని గురించి రాశారు, ‘అటెన్షన్ రెసిడ్యూ’ అని.

కౌన్సెలర్: సగంలో వదిలొచ్చిన పని గురించి కదండీ ఆవిడ చెప్పింది...

లెక్చరర్: రీల్స్ ఎప్పుడూ సగమే కదా మేడమ్!

యాంకర్: మరి తల్లిదండ్రుల ఫోన్ల మాట?

కౌన్సెలర్: ఒక్క నిమిషం. నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు. సాయంత్రం 6 నుంచి 9 దాకా చదువు, గంటకో పది నిమిషాల స్లాట్. ‘పెద్దగా చూడట్లేదు మేడమ్’ అన్నాడు. ఫోన్ సెట్టింగ్స్‌లో అన్‌లాక్‌ల లెక్క తీశాం. ఆ మూడు గంటల్లో 41 సార్లు! నాలుగైదు నిమిషాలకోసారన్నమాట. ఎంతసేపు చూశారన్నది కాదు, ఎన్నిసార్లు తెరిచారన్నది చూడాలి.

లెక్చరర్: నేను చెప్పేదీ అదే!

కౌన్సెలర్: పూర్తిగా చెప్పనివ్వండి. చిన్న స్లాట్లు తీసేసి 8:30కి ఒక్కటే పెట్టుకున్నాడు. 9కి భోజనానికి పిలుస్తారు కాబట్టి ఆపక తప్పదు. ఫోన్ పక్క గదిలో, టైమ్ చూడ్డానికి బల్ల మీద మామూలు గడియారం. రెండు వారాలకు 41 కాస్తా 6 అయింది. కానీ ఆ నియమం వాడు సొంతంగా రాసుకున్నది. బీరువాకు తాళం వేస్తే...

లెక్చరర్: తాళం లేకపోతే ఎంతమంది రాసుకుంటారు? వందలో ఒకడు!

విద్యార్థిని: నోట్సు గ్రూపులోనే పెడతారు కదా సార్. తాళం వేస్తే మాకెలా?

లెక్చరర్: ప్రింట్ తీసుకోండి. మా రోజుల్లో నోట్సు చేత్తోనే రాసుకున్నాం. ఒక్కో సబ్జెక్టుకు రెండేసి లాంగ్ నోటుబుక్కులు...

కౌన్సెలర్: సందేహాలన్నీ కాగితం మీద రాసిపెట్టుకుని స్లాట్‌లో ఒకేసారి అడగొచ్చమ్మా. స్లాట్ మొదట్లోనే గ్రూపు చూడాలి. రీల్స్ ముందు తెరిస్తే గ్రూపు దాకా రారు.

విద్యార్థిని: పరీక్ష ముందురోజు 9 తర్వాత నోట్సు వస్తే?

లెక్చరర్: ముందురోజు కొత్త నోట్సు ఎవరు చదవమన్నారు? అందుకే అంటున్నా, రోజుకు ఒక్కటే స్లాట్, తాళం మా దగ్గర!

యాంకర్: సార్ మాటలో బలం ఉందనిపిస్తోంది. ఇంట్లో పెద్దలకూ ఇదే స్లాట్ పెడితే ఎలా ఉంటుంది?

కౌన్సెలర్: తాళం గురించి నేను ఒప్పుకోలేదండీ...

లెక్చరర్: ఆ 41 లెక్క చెప్పింది మీరే కదా!

విద్యార్థిని: నా ప్రశ్నకు...

యాంకర్: సమయం అయిపోయిందమ్మా.