అడ్మిషన్స్ ఆఫీసుకు రాసే ఉత్తరం: ఫైలు దొరకాలి, జవాబు రావాలి

ఒక ప్రేక్షకురాలి ప్రశ్న: “అమెరికాలో ఎం.ఎస్. కోసం డిసెంబరు 15న దరఖాస్తు పెట్టానండీ. మార్చి సగం దాటినా పోర్టల్‌లో ఏ మార్పూ లేదు. ఇంకో యూనివర్సిటీ సీటు ఇచ్చి, ఏప్రిల్ 10లోగా డిపాజిట్ కట్టమంటోంది. మొదటి యూనివర్సిటీకి ఏమని రాయాలి? ఫలానా తేదీలోగా చెప్పమంటే తప్పుగా అనుకుంటారా?”

నమస్కారం. తేదీ చెప్పి అడగడంలో తప్పేమీ లేదు, కారణం కూడా చెప్పి అడిగితే ఆఫీసువాళ్లకు అది సాయంగానే ఉంటుంది. అయితే ఉత్తరం మొదలుపెట్టే ముందు పోర్టల్ తెరిచి, అందులోని పత్రాల జాబితాను ఒకసారి నిదానంగా చూడాలి. ఎవరికి రాయాలన్నది ఆ జాబితాను బట్టే తేలుతుంది.

అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో పీజీ దరఖాస్తు సాధారణంగా రెండు చేతులు మారుతుంది. గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసు ట్రాన్స్‌క్రిప్టులు, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు, సిఫారసు లేఖలు అన్నీ చేరాయో లేదో చూసి ఫైలు పూర్తయిందని గుర్తిస్తుంది. ఆ తరువాత డిపార్ట్‌మెంటులోని అధ్యాపకుల కమిటీ చదివి, సీటు ఇవ్వాలా వద్దా అన్నది తేలుస్తుంది. జాబితాలో ఏదైనా పత్రం రానట్టు కనిపిస్తే అడ్మిషన్స్ ఆఫీసుకు రాయాలి. అన్నీ చేరినట్టు ఉండి, పైన Under Review అని మాత్రమే ఉంటే, ఫైలు ఎక్కడుందో బాగా తెలిసినవారు డిపార్ట్‌మెంటులోని గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్. చాలా డిపార్ట్‌మెంట్లు తమ పేజీలో నిర్ణయాలు ఏ నెలలో వెలువడతాయో ముందే చెబుతాయి. ఆ నెల ఇంకా రాకముందే అడిగితే, అందరికీ పంపే ఒకే రకం జవాబు మీకూ వస్తుంది.

ఇక్కడ మన తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది, దానికి కొంత సమయం ఇస్తాను. పోర్టల్‌లో స్కోరు రాలేదని ఉంటుంది, పరీక్ష సంస్థను అడిగితే పంపేశామంటుంది. నిజానికి ఇద్దరు చెప్పేదీ సరైనదే కావచ్చు. స్కోరు యూనివర్సిటీ కంప్యూటరుకు చేరినప్పుడు అది ఎవరి ఫైలులోకి వెళ్లాలన్నది ముఖ్యంగా పేరును, పుట్టిన తేదీని బట్టే తెలుస్తుంది. మనలో చాలామందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. దరఖాస్తు ఫారం మాత్రం చివరి పేరు తప్పనిసరి అంటుంది కనుక, నింపేవారు పేరును మధ్యకు విరిచి ఏదో ఒక భాగాన్ని అక్కడ పెడతారు. ఇలా ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు పేర్లతో కనిపించినప్పుడు, స్కోరు ఏ ఫైలుకూ అతుక్కోకుండా విడిగా మిగిలిపోతుంది. అది ఎవరిదో ఒక ఉద్యోగి చేత్తో సరిచూసి జతచేసేదాకా మీ ఫైలు పూర్తికాదు, పూర్తికాని ఫైలు చాలాచోట్ల కమిటీ ముందుకు వెళ్లదు.

పుట్టిన తేదీతోనూ ఇదే చిక్కు. మనం రోజు ముందు, నెల తరువాత రాస్తాం, అమెరికాలో నెల ముందు రాస్తారు. ఏప్రిల్ 7న పుట్టినవారు 07/04 అని రాస్తే అక్కడివారు దాన్ని జులై 4గా చదువుతారు. అందుకే ఉత్తరంలో నెల పేరును ఎప్పుడూ అక్షరాల్లోనే రాయండి.

ఇక మిమ్మల్ని మీరు ఎలా గుర్తింపజేసుకోవాలో చూద్దాం. దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టుగా మీ పేరు, పాస్‌పోర్టులో మరోలా ఉంటే ఆ రూపం కూడా, దరఖాస్తు సంఖ్య, కోర్సు పూర్తి పేరు, ఏ సెమిస్టరుకు, ఎప్పుడు సమర్పించారు, పుట్టిన తేదీ: ఇవి ఉంటే చాలు. దరఖాస్తు సంఖ్య, విద్యార్థి సంఖ్య రెండూ వేరువేరుగా ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కాబట్టి, ఏది ఏదో పక్కన రాయండి. పాస్‌పోర్టు నంబరు, బ్యాంకు వివరాలు, పోర్టల్ పాస్‌వర్డు ఈ ఉత్తరంలో ఉండకూడదు. స్థితి చెప్పడానికి వాటి అవసరం ఎవరికీ లేదు, ఈమెయిల్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో మనకు తెలియదు.

ఉత్తరం దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ నుంచే వెళ్లాలి. దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కన్సల్టెన్సీ ద్వారా దరఖాస్తు పెట్టినవారిలో కొందరికి ఆ ఈమెయిల్ పాస్‌వర్డు కూడా తెలియదు, ఖాతా తెరిచింది కన్సల్టెన్సీయే. దరఖాస్తుదారు కాని మరొకరు, అది తండ్రిగారైనా సరే, అడిగితే ఆఫీసులు సాధారణంగా వివరాలు చెప్పవు. మీ దరఖాస్తు తాళాలు మీ దగ్గర లేకపోతే, ఉత్తరం కంటే ముందు ఈరోజే ఆ పాస్‌వర్డు మీ చేతికి తెచ్చుకోండి. ఆ ఇన్‌బాక్స్‌లోనూ, స్పామ్‌లోనూ యూనివర్సిటీ అడిగిన పత్రం గురించిన మెయిల్ ఏదైనా జవాబు లేకుండా పడి ఉందేమో చూడండి.

మెయిల్ శీర్షిక చూడగానే ఫైలు తెరవగలిగేలా ఉండాలి. తెర మీద చూపిస్తున్నాను:

```
Application Status Inquiry - MS Computer Science, Fall 2026 - Application ID 1234567
```

అందులో అర్జెంట్ అనే మాట లేదని గమనించండి. మార్చిలో ఆ ఆఫీసుకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి అదే మాట ఉంటుంది, ఫైలు వెతకడానికి అది ఎందుకూ పనికిరాదు. సంఖ్య పనికొస్తుంది.

లోపలి విషయం మీ మాటల్లో ఇంగ్లీషులో రాసుకుంటారు, అందులో ఉండవలసిన భావాన్ని మన ప్రేక్షకురాలి సంగతికే అన్వయించి చెబుతాను. ఆవిడ మార్చి 20న రాస్తున్నారనుకుందాం.

“అడ్మిషన్స్ బృందానికి నమస్కారం. కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. కోర్సులో 2026 ఫాల్ సెమిస్టరుకు నేను డిసెంబరు 15న దరఖాస్తు సమర్పించాను. నా వివరాలు ఉత్తరం చివర ఇచ్చాను. పోర్టల్‌లో నా టోఫెల్ స్కోరు అందలేదని ఉంది. పరీక్ష సంస్థ దాన్ని జనవరి 5న పంపినట్టు నా ఖాతాలో కనిపిస్తోంది. పరీక్షకు నమోదైన పేరులో ఇంటిపేరు ముందు ఉంది, దరఖాస్తులో చివర ఉంది, బహుశా అందువల్ల అది నా ఫైలులో చేరకపోయి ఉండవచ్చు. దయచేసి సరిచూసి, నా దరఖాస్తు పూర్తయిందా, డిపార్ట్‌మెంటుకు వెళ్లిందా అన్నది తెలియజేయగలరా? మరొక విశ్వవిద్యాలయానికి నేను ఏప్రిల్ 10లోగా సమాధానం చెప్పవలసి ఉంది. మీ కోర్సే నా మొదటి కోరిక కనుక, వీలైతే ఏప్రిల్ 3లోగా ప్రస్తుత స్థితిని తెలిపితే ఎంతో మేలు చేసినవారవుతారు. అప్పటికి నిర్ణయం తేలకపోతే, సుమారుగా ఎప్పుడు తేలవచ్చో చెప్పినా చాలు. మీ సమయానికి కృతజ్ఞతలు.”

ఈ ఉత్తరం సీటు ఇస్తారా లేదా అని అడగడం లేదు. ఉత్తరం చదివే ఉద్యోగికి ఆ అధికారం లేదు. స్కోరు చేరిందా, ఫైలు ఎక్కడుంది అన్న ప్రశ్నలకు మాత్రం ఆ ఉద్యోగి తన తెర మీద చూసి జవాబు చెప్పగలరు. “మీ కోర్సే నా మొదటి కోరిక” అన్న మాట నిజమైతేనే రాయండి, కాకపోతే ఆ వాక్యం తీసేయండి, ఉత్తరానికి లోటేమీ ఉండదు.

తేదీ విషయానికి వస్తే, ఏప్రిల్ 10 ఉండగా ఏప్రిల్ 3 అనడం ఊరికే కాదు. వారికి రెండు వారాలు దొరుకుతాయి. మీకు ఇంట్లో మాట్లాడుకోవడానికి, ఆపై బ్యాంకులో ఏ2 ఫారం నింపి డాలర్లు పంపి, అవి అక్కడికి చేరడానికి ఒక వారం మిగులుతుంది. “రెండు రోజుల్లో చెప్పండి” అన్నది మర్యాదగా రాసినా మొరటుగానే ఉంటుంది, ఎందుకంటే అది జరగదని రాసేవారికీ తెలుసు. మరో సీటు గురించి ఒక్క వాక్యం చాలు. ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పనక్కరలేదు, ఆ తేదీలోగా జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని బెదిరించనూ కూడదు.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. ఏప్రిల్ 15 దాకా ఎవరూ సమాధానం అడగకూడదని మన విద్యార్థుల బృందాల్లో తరచూ చెప్పుకుంటారు. అది కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం, దానిపై సంతకం చేసిన సంస్థలకు వర్తిస్తుంది, అదీ స్కాలర్‌షిప్, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ వంటి ఆర్థిక సహాయంతో ఇచ్చే సీట్ల గురించి. సొంత ఖర్చుతో చదివే ఎం.ఎస్. సీటుకు ఆ రక్షణ లేదు. మీ సీటు పత్రంలో ఏప్రిల్ 10 అని ఉంటే మీకు ఏప్రిల్ 10 గడువే. అయితే ఆ రెండో విశ్వవిద్యాలయాన్ని కూడా వారం పది రోజుల గడువు మర్యాదగా అడగవచ్చు. ఈ దారి చాలామందికి తోచదు, అడిగితే ఇచ్చే ఆఫీసులు ఉన్నాయి.

ఉత్తరం పంపాక ఏప్రిల్ 3 దాకా మళ్లీ రాయకండి, అదే ప్రశ్నను వేరే చిరునామాలకూ పంపకండి. ఉత్తరాలను వరుస సంఖ్యలతో నమోదు చేసే ఆఫీసుల్లో, ఒకే ప్రశ్న మూడు చోట్లకు వెళ్తే ముగ్గురు ఉద్యోగులు ఒకే ఫైలు తెరుస్తారు, లేదా మరొకరు చూస్తున్నారులే అని ముగ్గురూ వదిలేస్తారు. ఆ తేదీ దాటితే, తరువాతి పనిదినాన పాత ఉత్తరానికే జవాబుగా రెండు వాక్యాలు రాయండి. అదే రోజు ఫోన్ కూడా చేయండి. ఏప్రిల్‌లో అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలంటే మనకు సాయంత్రం 6:30, షికాగో, డల్లాస్ వైపు అయితే 7:30. సంఖ్య చేతిలో పెట్టుకుని, పేరును ఒక్కో అక్షరంగా చెప్పి, మాట్లాడినవారి పేరు, ఆ తేదీ రాసుకోండి.

ఏప్రిల్ 9 సాయంత్రానికీ ఏమీ తేలకపోతే, చేతిలో ఉన్న సీటుకు డిపాజిట్ కట్టడం మంచిదని నా అభిప్రాయం. కట్టే ముందు అది తిరిగి ఇస్తారో లేదో సీటు పత్రంలో చదవండి, చాలా సందర్భాల్లో ఇవ్వరు. ఆ తరువాత మొదటి విశ్వవిద్యాలయం పిలిచి, మీరు అటే వెళ్లదలిస్తే, రెండోవారికి అదే వారం రాసి సీటు వదులుకోండి. అదే కోర్సు వెయిట్‌లిస్టులో మరో విద్యార్థి మీలాగే పోర్టల్ చూసుకుంటూ ఉండవచ్చు.