వైవాలో అడిగేది ఏమిటి?

నమస్కారం. నిన్న సాయంత్రం ఒక పీహెచ్‌డీ స్కాలర్ వచ్చి, "మేడమ్, వచ్చే వారమే నా వైవా. థీసిస్ అంతా బట్టీ పట్టాలా?" అని అడిగింది. చేతిలో బైండు చేసిన కాపీ, దాన్నిండా రంగు రంగుల చీటీలు. శ్రీకాకుళంలో ఇవాళ ఇక్కడ చేరిన మీలోనూ చాలామందికి అదే గుబులు ఉంటుంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

వైవా వోచీ లాటిన్ మాట. సజీవమైన గొంతుతో అని అర్థం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ముందు మీ గైడు, ఇంకా కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు థీసిస్ చదివి రిపోర్టులు ఇస్తారు. అవి అనుకూలంగా వస్తేనే వైవా పెడతారు. అంటే ఆ గదిలోకి వెళ్లేసరికే మీ పని చాలావరకు నెగ్గింది. అక్కడ గైడుతోపాటు కనీసం ఒక బయటి ఎగ్జామినర్ ఉంటారు. అధ్యాపకులు, తోటి స్కాలర్లు కూడా వచ్చి వినొచ్చు.

మరి అడిగేదేమిటి? పుస్తకంలో ఉన్నది అప్పజెప్పమని కాదు, అది ఎలా వచ్చిందని. ఒక ఉదాహరణ కట్టి చెబుతాను. పలాసలో జీడిపిక్కల యూనిట్లలో పనిచేసే 120 మంది ఆడవాళ్లను కలిసి, 84 మంది, అంటే 70 శాతం, కూలీతో తృప్తిగా ఉన్నారని రాశారనుకోండి. ఎగ్జామినర్ ఆ టేబుల్ మీద వేలుపెట్టి, "ఈ 120 మందిని ఎవరు ఎంచారమ్మా?" అంటారు. కంగారులో "ర్యాండమ్ శాంప్లింగ్ సార్" అనేస్తాం. నిజానికి యజమాని పిలిచి చూపించినవాళ్లతోనే మాట్లాడాం, అదీ ఆయన వినేంత దూరంలో. ఇక తర్వాతి ప్రశ్న "జాబితా ఎక్కడ తెచ్చారు, చీటీలు ఎలా తీశారు?" అనే వస్తుంది. అక్కడ దొరికిపోతాం.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "యూనిట్ లోపలికి వెళ్లాలంటే యజమాని అనుమతి కావలసి వచ్చింది సార్. అందుకే ఈ 70 శాతం అసలు కంటే ఎక్కువగా వచ్చి ఉండొచ్చు. ఇంటి దగ్గర పప్పు ఒలిచేవాళ్లు ఇందులో లేరు. ఉద్దానమంతటికీ ఈ లెక్క వర్తించదు." ఇలా అంటే థీసిస్ పడిపోదు. మీ మాట ఎంతవరకు నిలుస్తుందో మీకే తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. నేను చూసినంతలో స్కాలర్లను ఇరుకున పెట్టింది తెలియకపోవడం కాదు, లేని పద్ధతిని ఉన్నట్టు చెప్పడమే.

అందుకని ఆ రంగు చీటీలన్నీ తీసేయమన్నాను. ముఖ్యమైన నాలుగు టేబుళ్ల దగ్గరే ఉంచి, ఒక్కో చీటీ మీద మూడు మాటలు రాయమన్నాను: ఎవరిని అడిగాను, ఎవరు మిగిలిపోయారు, దీన్నిబట్టి ఏం చెప్పకూడదు. రిపోర్టుల్లో ఎగ్జామినర్లు లేవనెత్తిన ప్రశ్నలు గైడు దగ్గర ఉంటాయి. అడిగి తెచ్చుకుని, వాటికి జవాబు పైకి చెప్పి చూసుకోండి. మనసులో అనుకున్నప్పుడు సాఫీగా ఉన్న వాక్యం నోట్లోకొచ్చేసరికి తడబడుతుంది.

చివర్లో, "ఈ పరిమితి గురించి మూడో అధ్యాయంలో ఒక పేరా రాయండి" అని ఎగ్జామినర్ అనొచ్చు. వాదించకండి, భయపడకండి. పేజీ నంబరుతో సహా అక్కడే రాసుకోండి.